ఐఎస్ఓ వారం సంఖ్య తప్పు లేకుండా రాయడం ఎలా?

2025 డిసెంబర్ 30 ఏ వారంలో ఉంది? చాలా రిపోర్టుల్లో దీనికి 2025-W01 అని కనిపిస్తుంది. అది తప్పు. సరైన జవాబు 2026-W01. వారం సంఖ్య సరిగ్గానే వేసి, సంవత్సరం దగ్గర బోల్తా పడే ఈ పొరపాటు ఏళ్ల తరబడి ప్రతి జనవరిలోనూ చూస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

కావలసింది క్యాలెండర్, లేదా ఎక్సెల్ లాంటి ఏదో ఒక స్ప్రెడ్‌షీట్. ఐఎస్ఓ 8601 ప్రకారం వారం సోమవారం మొదలై ఆదివారం ముగుస్తుంది. సోమవారానికి 1, ఆదివారానికి 7. ఇంతవరకూ ఎవరూ తడబడరు.

మొదట గురువారం పట్టుకోండి

మీ తేదీ ఉన్న సోమ-ఆదివారాల మధ్య గురువారం ఏ తేదీన వస్తుందో చూడండి. ఆ గురువారం ఏ సంవత్సరంలో ఉంటే వారం మొత్తం ఆ సంవత్సరానిదే. మనం చూసే తేదీ ఏ సంవత్సరంలో ఉందన్నది ఇక్కడ అనవసరం.

గురువారమే ఎందుకంటే, ఏడు రోజుల్లో అది సరిగ్గా నడిమిది. అది కొత్త సంవత్సరంలో ఉంటే దాంతోపాటు శుక్ర, శని, ఆదివారాలు కూడా అక్కడే ఉంటాయి. అంటే నాలుగు రోజులు, మెజారిటీ. వారాన్ని రెండుగా కోయకుండా ఏదో ఒక సంవత్సరానికి అప్పగించాలి కాబట్టి ఎక్కువ రోజులు ఎటు ఉంటే అటు ఇచ్చేస్తారు. జనవరి 1 గురువారం అయితే సోమ, మంగళ, బుధవారాలు డిసెంబర్ 29, 30, 31 అవుతాయి. అలా మొదటి వారం డిసెంబర్‌లోనే మొదలవుతుంది. అంతకన్నా ముందుకు, అంటే డిసెంబర్ 28కి, అది ఎప్పటికీ వెళ్లదు.

జనవరి 4 ఉన్న వారమే మొదటి వారం అని కొందరు గుర్తుపెట్టుకుంటారు. అదీ నిజమే. కానీ ఆ పద్ధతిలో ముందు ఏ సంవత్సరపు జనవరి 4 చూడాలో మీరే ఊహించుకోవాలి, తప్పు జరిగేది సరిగ్గా అక్కడే. గురువారంతో ఆ ఊహ అక్కర్లేదు. గురువారంతోనే చేయండి.

తర్వాత లెక్క

ఆ గురువారం తన సంవత్సరంలో ఎన్నో రోజో చూసి, ఒకటి తీసేసి, ఏడుతో భాగించి, వచ్చిన భాగఫలానికి ఒకటి కలపండి. 2025 డిసెంబర్ 30 మంగళవారం. ఆ వారపు గురువారం 2026 జనవరి 1, అంటే మొదటి రోజు. సున్నాను ఏడుతో భాగిస్తే సున్నా, ఒకటి కలిపితే 1. కాబట్టి 2026-W01-2.

ఇది రెండో వైపు కూడా పనిచేస్తుంది. 2027 జనవరి 2 శనివారం. దాని గురువారం 2026 డిసెంబర్ 31, అంటే 365వ రోజు. 364ను ఏడుతో భాగిస్తే 52, ఒకటి కలిపితే 53. అంటే కొత్త సంవత్సరం రెండో రోజు 2026-W53-6 అవుతుంది. 53వ వారం కనిపించగానే కంగారుపడి దాన్ని 52లో కలిపేయకండి. జనవరి 1 గురువారం అయిన ప్రతి సంవత్సరానికీ, జనవరి 1 బుధవారం అయిన లీపు సంవత్సరానికీ 53 వారాలు ఉంటాయి.

అసలు చిక్కు: రాసేటప్పుడు

ఎక్సెల్‌లో చాలామంది `YEAR(A2)` పక్కన `ISOWEEKNUM(A2)` పెట్టేస్తారు. రెండూ విడివిడిగా కరెక్టే, కలిపితే తప్పు. సంవత్సరాన్ని గురువారం నుంచే తీసుకోవాలి:

```
=YEAR(A2-WEEKDAY(A2,2)+4)&"-W"&TEXT(ISOWEEKNUM(A2),"00")
```

`WEEKNUM(A2)` జోలికి పోవద్దు. మరేమీ చెప్పకపోతే అది ఆదివారంతో వారం మొదలుపెట్టి, జనవరి 1 ఉన్నదాన్నే మొదటి వారం అంటుంది. పైథాన్‌లోనూ ఇదే ఉచ్చు ఉంది. `%Y-W%V` అని రాస్తే మామూలు సంవత్సరం వస్తుంది, కావలసింది `%G-W%V`. వారం సంఖ్య ఎప్పుడూ రెండంకెల్లోనే రాయాలి. W1 అని రాస్తే సార్టింగ్‌లో W10 వెళ్లి W2 కంటే ముందు కూర్చుంటుంది.

ఈ తప్పు ఏడాదిలో చాలా రోజులు బయటపడదు, అందుకే ప్రమాదం. బయటపెట్టాలంటే ప్రతి వారం పేరు కింద ఎన్ని వేర్వేరు తేదీలు చేరాయో లెక్కపెట్టండి. 2024, 2025, 2026 సంవత్సరాల రోజువారీ డేటాను తప్పు పద్ధతిలో పేర్చితే 2025-W01లో ఎనిమిది రోజులు కనిపిస్తాయి. 2025 జనవరి 1 నుంచి 5 వరకు ఐదు, ఏడాది చివర్లోని డిసెంబర్ 29, 30, 31 మూడు. 2026-W01లోనేమో నాలుగే మిగులుతాయి. డేటా మొదట్లో, చివర్లో తెగిపోయిన వారాలను పక్కన పెడితే, ఏడు కాని అంకె ఎక్కడ కనిపించినా ముందు సంవత్సరం కాలమ్ ఫార్ములా తెరిచి చూడండి.