యూరియా బస్తా విప్పే ముందు: నెల్లూరు వరి రైతులకు జాగ్రత్తలు

సోమశిల నీళ్లు వచ్చాయి, నాట్లు పడ్డాయి. ఇక పిలకల దశ యూరియాకు టైమ్ దగ్గరపడింది.

• మడిలో నీళ్లు నిలిచి ఉండగా చల్లకండి. ఎక్కువ నష్టం ఇక్కడే. పగటి ఎండకు నాచు పెరిగిన నీటిలో క్షార గుణం పెరుగుతుంది. కరిగిన యూరియా అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. 45 కిలోల బస్తాలో నత్రజని సుమారు 20 కిలోలే, అందులో పోయిందంతా మన డబ్బే. నీళ్లు తీసేసి, బురద పదునులో చల్లి, 24 నుంచి 48 గంటల తర్వాత పలచగా నీళ్లు పెట్టండి.

• ఆ తర్వాత మడిని నెర్రెలిచ్చేదాకా ఆరనివ్వకండి. ఆరితే నత్రజని నైట్రేట్‌గా మారుతుంది, మళ్లీ నీళ్లు పెట్టగానే వాయువుగా ఎగిరిపోతుంది. నైట్రేట్ ఉన్న ఎరువులు వరి మడికి వద్దనేదీ ఇందుకే.

• గట్లలో ఎండ్రకాయల బొక్కలు పూడ్చండి. కోవూరు వైపు మా ఇసుక నేలలో ఒకసారి ఇది మరిచి, పక్క మడి పచ్చబడితే మాది పాలిపోయింది.

• ఇసుక నేలైతే అదే మోతాదును మూడు నాలుగు దఫాలుగా వేయండి. లేకుంటే వేళ్ల కిందికి దిగిపోతుంది.

• 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు ఉంచితే నెమ్మదిగా అందుతుంది.