ఎదురుగా లేని మనిషి మీద మాట మొదలైతే

సమస్య

లంచ్ బాక్సులు తెరిచారు. స్నేహితురాలు కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించింది. “నీకు తెలుసా? మన అకౌంట్స్ ఆవిడ మొగుడితో పడక పుట్టింటికి వచ్చేసిందట!” అని, మీరేమంటారా అని ముఖంలోకి చూసింది. మాట మళ్లించడానికి ఇంతకన్నా తేలికైన సమయం మళ్లీ దొరకదు.

అమెరికాలో డోనా ఎడర్, జానెట్ ఎంకీ బడిపిల్లల కబుర్లను పరిశీలించి 1991లో ప్రచురించిన పరిశోధనలో ఇదే తేలింది. ఒకరు చెడుగా అన్న వెంటనే ఇంకొకరు కాదంటే మాట దారి మారేది. ఎవరైనా ఒక్కరు వంత పాడాక, కాదనేవాళ్లు చాలా అరుదు.

కారణం

చాలాసార్లు ఇలాంటి మాట సాగిపోవడానికి కారణం మనం ఊ కొట్టడమే. “అవునా! ఎప్పుడు? ఎవరు చెప్పారు?” అంటే ఇంకా చెప్పమన్నట్టే. చెప్పే ఆమెకు అకౌంట్స్ ఆవిడ మీద కోపం ఉండకపోవచ్చు. మీతో కాసేపు కబుర్లు చెప్పుకోవాలని ఉంటుంది, చేతిలో ఉన్న కబురు అదే.

పరిష్కారం

అందుకే కబురును వదిలేసి, మనిషిని పట్టుకోవాలి. “అయ్యో, పాపం. ఆవిడకి ఎంత కష్టమొచ్చిందో! సరేగానీ, మీ అత్తగారి కళ్ల ఆపరేషన్ ఏమైందే?” ఆ మొదటి మాటను నిజంగా బాధపడుతూ అనండి. అందులో తప్పుపట్టడం లేదు, వంత పాడటమూ లేదు. రెండో మాట ఆమె సొంత విషయం కావాలి. ఎండల గురించో ట్రాఫిక్ గురించో ఎత్తితే తప్పించుకుంటున్నారని ఇట్టే తెలిసిపోతుంది. ఆమె చెప్పాలనుకునేదే అడిగితే మాట దానంతట అదే అటు నడుస్తుంది.

“అలా మాట్లాడకూడదు”, “నాకివన్నీ ఇష్టం ఉండవు” అనకండి. ఆమె చిన్నబుచ్చుకుంటుంది. రేపు అదే కబురు ఇంకొకరి దగ్గర చెబుతుంది, మీ మాటతో కలిపి.

అయినా ఆగకపోతే?

మళ్లీ అక్కడికే వస్తే, “ఏమోనే, ఆవిడ లేకుండా మనం ఏమనుకున్నా సగమే తెలుస్తుంది” అని “మనం” కలిపి అనండి. నలుగురూ అప్పటికే కలిసి అంటుంటే వాదన పనిచేయదు. ఆవిడ గురించి మీకు తెలిసిన ఒక మంచి విషయం చెప్పండి: “నా టీఏ బిల్లు ఆగిపోతే ఆవిడే దగ్గరుండి పాస్ చేయించింది.” అది మీరు చూసిన నిజమే అయ్యుండాలి.

మళ్లించకూడనివి

“ఆవిడ నన్ను అందరి ముందూ ఎంత మాటందో తెలుసా?” అంటే అది తన బాధ. “నువ్వేం చేశావు మరి? ఆవిడతో ఒకసారి మాట్లాడతావా?” అని అడిగి వినండి. అప్పు తీసుకుని ఎగ్గొడుతున్నాడనో, ఆడవాళ్లతో తప్పుగా ప్రవర్తిస్తున్నాడనో చెబితే అది హెచ్చరిక. అప్పుడు మాట మార్చకుండా, ఆమె కళ్లారా చూసిందేమిటో, విన్నదేమిటో విడివిడిగా అడిగి తెలుసుకోండి.