బిల్లు 60,000, ఖాతాలో పడింది 54,000: ఏది రాయాలి?

సొంతంగా ఇంటీరియర్ డిజైనింగ్ చేసుకునేవాళ్లలో చాలామంది రిటర్న్ వేసే వేళకు బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని, పడిన డబ్బులన్నీ కూడేస్తారు. లెక్క తప్పేది అక్కడే.

ముందుగా ఏప్రిల్ నుంచి పని డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండి. పాల ప్యాకెట్, క్లయింటు అడ్వాన్సు ఒకే యూపీఐలో కలిసిపోతే మార్చిలో విడదీయడం నరకం.

తర్వాత ఆదాయం పుస్తకం. ఎక్సెల్ అయినా, రూళ్ల నోటుబుక్ అయినా సరే. తేదీ, క్లయింటు, బిల్లు మొత్తం, టీడీఎస్, చేతికొచ్చింది అని గళ్లు గీయండి. ఒక కంపెనీ ఆఫీసుకు డిజైన్ ఇచ్చి 60,000 బిల్లు వేశారనుకుందాం. వాళ్లు 10 శాతం టీడీఎస్ పట్టుకుని 54,000 వేశారు. మీ ఆదాయం 60,000. ఆ 6,000 మీ పేరున ముందే కట్టిన పన్ను. 54,000 అని చూపిస్తే, ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేరున వచ్చిన ఆదాయం, పట్టుకున్న టీడీఎస్ చూపించే ఏఐఎస్‌తో పొసగదు, నోటీసు రావచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పట్టుకున్న టీడీఎస్‌కు కంపెనీ రిటర్న్ వేయాల్సిన గడువు జనవరి 31. ఫిబ్రవరి నెలాఖరుకూ అది ఏఐఎస్‌లో లేకపోతే వెంటనే ఫోన్ చేయండి, ఏడాది గడిచాక అడిగితే పట్టించుకునేవాళ్లు తక్కువ.

ప్లైవుడ్ కొనమని క్లయింటు ఇచ్చే డబ్బుతో ఇంకో చిక్కు. అది మీ ఖాతాలో పడితే ఫీజులా కనిపిస్తుంది. బిల్లు క్లయింటు పేరున రాయించి, డబ్బు నేరుగా షాపుకే కట్టించడం మేలు.

ఖర్చులు ఏ రోజువి ఆ రోజే రాయండి. పెట్రోలు బంకు రసీదు మీద అక్షరాలు కొన్ని నెలలకే చెరిగిపోతాయి, ఫోటో తీసి నెలవారీ ఫోల్డరులో పెట్టండి. ఫోన్ బిల్లులో పనికి వాడిన వాటానే ఖర్చు. ఒకరికే ఒక్క రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు అసలు ఒప్పుకోరు, కాబట్టి డ్రాయింగులు గీసిపెట్టినవాళ్లకు 14,000 ఇవ్వాలంటే ఖాతాకే పంపండి. నవంబరులో 64,000 పెట్టి లాప్‌టాప్ కొన్నారా? మొత్తం ఒకేసారి ఖర్చుగా రాదు. తరుగుదల 40 శాతమే, 180 రోజులకన్నా తక్కువ వాడారు కాబట్టి అందులోనూ సగం, అంటే ఈ ఏడాదికి 12,800.

ఇక ఫిబ్రవరిలో ఖర్చులు కూడి చూడండి. ఇంటీరియర్ డెకరేషన్ లాంటి గుర్తింపు పొందిన వృత్తులకు, ఏడాది రాబడి 50 లక్షల లోపుంటే, అందులో సగం లాభంగా చూపించే వెసులుబాటు ఉంది. ఖర్చులు సగానికి తక్కువైతే ఆ దారే మేలు, వాటిని విడిగా చూపించక్కర్లేదు. సగం దాటితే అసలు లెక్కే చూపవచ్చు గానీ, మీ ఆదాయం పన్ను పరిమితి దాటితే పూర్తి ఖాతా పుస్తకాలు, ఆడిట్ తప్పవు. ఆడిటర్ ఫీజు ఎంతో అడిగి, ఆదా అయ్యే పన్నుతో పోల్చుకోండి. సగం చూపించే దారైతే అడ్వాన్సు టాక్సు మార్చి 15లోగా ఒకేసారి కట్టాలి.