బార్ చార్టు నుంచి అంకెలు రాబట్టడం – 3వ భాగం: పిక్సెల్‌ను కోట్లలోకి మార్చడం

పోయిన భాగంలో స్క్రీన్‌షాట్‌ను సాగదీయకుండా, అసలు సైజులోనే దాచుకోవడం చూశాం. ఈసారి కొలత మొదలుపెడదాం. దీనికి కావలసినవి రెండే: మౌస్ ఎక్కడుందో చూపించే పెయింట్ లాంటి ప్రోగ్రామ్, లెక్కకు ఎక్సెల్.

సాధనకు జవాబు ముందే తెలిసిన చార్టును తీసుకోవడం మేలు. మన కొలత ఎంత తప్పుతుందో అప్పుడే తెలుస్తుంది. అందుకే 1951 నుంచి 2011 వరకు ఏడు జనాభా లెక్కల్లోని భారతదేశ జనాభాతో ఎక్సెల్‌లో ఒక బార్ చార్టు గీసి, దాన్ని బొమ్మగా సేవ్ చేసి, అంకెలున్న షీటును మూసేశాను. ఇక నా దగ్గర మిగిలింది బొమ్మ ఒక్కటే. ఎడమ వైపు నిలువు అక్షం మీద 0 నుంచి 140 దాకా, ఇరవై ఇరవై తేడాతో అంకెలున్నాయి. అవి కోట్లు.

చాలామంది నేరుగా బార్ కొస దగ్గరికి వెళ్లి, పక్కనున్న గీతలతో పోల్చి "ఆ, 85 ఉంటుంది" అనేస్తారు. అలా చేయొద్దు. ముందు కొలవాల్సింది అక్షాన్ని. పెయింట్‌లో బొమ్మను తెరిచి 0 గీత మీద మౌస్ పెట్టండి. కింద స్టేటస్ బార్‌లో రెండు అంకెలు కనిపిస్తాయి. అందులో రెండోది నిలువు స్థానం. నా బొమ్మలో 0 గీత 612 దగ్గర, 140 గీత 52 దగ్గర ఉన్నాయి. పై గీతకు చిన్న అంకె ఎందుకొచ్చిందని కంగారు పడకండి. తెర మీద పిక్సెళ్లను పైనుంచి కిందికి లెక్కపెడతారు. పై అంచు సున్నా, కిందికి వచ్చేకొద్దీ అంకె పెరుగుతుంది. మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

612 లోంచి 52 తీసేస్తే 560. అంటే 140 కోట్లు 560 పిక్సెళ్లలో పరుచుకున్నాయి. ఒక్కో పిక్సెల్‌కు పావు కోటి, అంటే 25 లక్షలు. ఈ పావు కోటిని గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో చాలా పని ఉంది.

కొలిచే రెండు గీతలు వీలైనంత దూరంగా ఉండాలి. పక్కపక్కనున్న 0, 20 గీతలను తీసుకుంటే వాటి మధ్య 80 పిక్సెళ్లే ఉంటాయి. అక్కడ ఒక్క పిక్సెల్ పొరపాటు పడినా, పైనున్న 121 కోట్ల బార్ దగ్గరికి వెళ్లేసరికి అది కోటిన్నర అవుతుంది. అదే పొరపాటు 560 పిక్సెళ్ల మీద పడితే పావు కోటి కూడా కాదు.

తర్వాత మధ్యలో ఉన్న ఒక గీతనూ చూడండి. 80 గీత మన లెక్క ప్రకారం 292 దగ్గర ఉండాలి. అక్కడే ఉంటే అక్షం సమానంగా నడుస్తోందన్నమాట. ఒకటి రెండు పిక్సెళ్లకు మించి తేడా ఉంటే ఆగిపోండి. అది తెరను ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటో అయినా అయ్యుండాలి, లేదా అంకెలు 1, 10, 100 అంటూ పది రెట్లుగా ఎక్కే లాగరిథమ్ అక్షమైనా అయ్యుండాలి. ఈ పాఠంలోని లెక్క ఆ రెండింటికీ పనికిరాదు.

ఇప్పుడు బార్ల దగ్గరికి వెళ్దాం. బొమ్మను 800 శాతానికి పెంచి చూడండి. బార్ పై అంచు కత్తితో కోసినట్టు ఉండదు. ముదురు నీలం వరుసకూ తెల్లటి వరుసకూ మధ్య లేత నీలం వరుస ఒకటి కనిపించవచ్చు. అసలు ఎత్తు పిక్సెల్ మధ్యలో ఆగినప్పుడు, గీసే ప్రోగ్రామ్ ఆ వరుసకు సగం రంగు పూస్తుంది. దాన్ని ఒకసారి బార్‌లో కలిపి, మరోసారి వదిలేసి కొలవకూడదు. ఏ పద్ధతి పెట్టుకున్నా అన్ని బార్లకూ అదే పాటించండి. బార్ చుట్టూ నల్లటి గీత ఉంటే, ఆ గీత మందంలో మధ్య భాగాన్ని అంచుగా తీసుకోండి.

పై అంచుల స్థానాలను ఎక్సెల్‌లో B వరుసలో, B2 నుంచి కిందికి రాసుకుని, పక్కన ఈ సూత్రం పెట్టండి:

```
=0+(612-B2)*(140-0)/(612-52)
```

సున్నాలు అనవసరంగా ఉన్నట్టు కనిపిస్తాయి కానీ వాటిని కావాలనే ఉంచాను. కింది గీత విలువ వేరే ఉన్న చార్టు వస్తే ఆ రెండు సున్నాల చోట ఆ విలువ రాస్తే చాలు. నాకు వచ్చిన వాటిలో ఐదు బార్ల ఫలితాలు ఇవి, కోట్లలో:

| సంవత్సరం | పై అంచు | మన అంచనా | జనాభా లెక్క |
|---|---|---|---|
| 1951 | 468 | 36.00 | 36.11 |
| 1971 | 393 | 54.75 | 54.82 |
| 1991 | 273 | 84.75 | 84.64 |
| 2001 | 200 | 103.00 | 102.87 |
| 2011 | 128 | 121.00 | 121.09 |

ఏ ఒక్కదానిలోనూ తేడా పావు కోటి దాటలేదు. అందుకే జవాబు రాసేటప్పుడు "2011లో 121.00 కోట్లు" అని ఊరుకోకుండా "సుమారు 121 కోట్లు, పావు కోటి అటూ ఇటూ" అని రాయాలి. ఎక్సెల్ దశాంశం తర్వాత ఎన్ని అంకెలైనా చూపిస్తుంది. మనం కొలిచింది మాత్రం పిక్సెల్ దాకానే.

రెండు అంచనాల మధ్య తేడా తీసేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. 2001 నుంచి 2011కి పెరుగుదల మన లెక్కలో 18 కోట్లు. రెండు బార్లలోనూ పావు కోటి చొప్పున తప్పు ఉండొచ్చు కాబట్టి ఇక్కడ అర కోటి అటూ ఇటూ అనాలి. శాతంలో చెబితే 17 నుంచి 18 మధ్య. అసలు పెరుగుదల 17.7 శాతం. మన హద్దుల్లోనే ఉంది కానీ, "17.5 శాతం" అని ఒక్క అంకెను పట్టుకుని చెప్పి ఉంటే తప్పే చెప్పినట్టు. స్క్రీన్‌షాట్ నుంచి వృద్ధి రేట్లు తీసి, దశాంశంతో సహా రాసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ దశాంశం బొమ్మలో లేదు.

బొమ్మ చిన్నదైతే ఈ హద్దులు ఇంకా పెరుగుతాయి. ఇదే చార్టు సగం సైజుకు తగ్గి మీ దగ్గరికి వస్తే అక్షం 280 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అప్పుడు ఒక్కో పిక్సెల్‌కు అర కోటి. దాన్ని మళ్లీ పెద్దది చేసినా పోయిన వివరం తిరిగి రాదు, మసక అంచు ఇంకా వెడల్పవుతుంది, అంతే.

ఒక ముఖ్యమైన సంగతి మిగిలింది. ఇదే చార్టులో అక్షం 0 నుంచి కాకుండా 30 నుంచి మొదలైందనుకోండి. 1951 బార్ ఆరు కోట్ల ఎత్తున మొండిగా, 2011 బార్ 91 కోట్ల ఎత్తున నిలబడతాయి. కంటికి పదిహేను రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. నిజంగా పెరిగింది మూడు రెట్లకు కాస్త ఎక్కువ. మొదట్లో నేను ఒక చార్టు అడుగు గీతను చూడకుండానే సున్నా అనుకుని, బార్ల ఎత్తుల నిష్పత్తితో అంకెలన్నీ తీసి ఒక నివేదికలో పెట్టేశాను. అడుగున 20 అని చిన్న అక్షరాల్లో ఉందని వారం తర్వాత చూశాను. మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది. అప్పటినుంచి బార్ల ఎత్తులను ఒకదానితో ఒకటి పోల్చడం మానేశాను. ప్రతి బార్‌నూ అక్షం మీది రెండు అంకెలతోనే కొలుస్తాను.

ఈ వారం అభ్యాసం: ఒక చార్టులో అడుగు గీత విలువ 50, స్థానం 500. పై గీత విలువ 90, స్థానం 100. బార్ పై అంచు 233 దగ్గర ఉంది. దాని విలువ ఎంత, ఒక పిక్సెల్ అటూ ఇటూ అయితే ఎంత తేడా వస్తుంది? సూత్రంలో రెండు సున్నాల చోట ఏం రాయాలో ముందు ఆలోచించండి. జవాబు 4వ భాగం మొదట్లో ఇస్తాను. ఆ భాగంలో ఒకదాని మీద ఒకటి పేర్చిన బార్లను విడదీసి కొలుద్దాం.