మారకపు రేట్లు చదవడం నేర్చుకుందాం – 4వ భాగం: డాలర్‌తో పడిపోయినా సూచీ పెరిగిందెలా?

గత భాగంలో రెండు కరెన్సీల మధ్య రేటు చూశాం. కానీ ఏ దేశమూ ఒక్కరితోనే వ్యాపారం చేయదు. అందుకే భాగస్వాములందరి కరెన్సీలతో మన కరెన్సీ విలువ ఎలా మారిందో చూసి, ఎవరితో ఎంత వాణిజ్యం ఉందో అంత వెయిట్ ఇచ్చి ఒకే అంకెగా చెబుతారు. అదే వాణిజ్య వెయిట్ల మారకపు సూచీ.

ఒక ఊహా దేశాన్ని తీసుకుందాం. దాని వాణిజ్యంలో అమెరికాకు 50 శాతం, రెండో భాగస్వామికి 30, మూడో భాగస్వామికి 20 శాతం వాటా ఉంది. ఏడాదిలో ఆ దేశపు కరెన్సీ డాలర్‌తో 4 శాతం పడింది, రెండో కరెన్సీతో 6 శాతం, మూడోదానితో 10 శాతం పెరిగింది. ఇక్కడ మామూలు సగటు వాడరు, గుణమధ్యమం వాడతారు. ప్రతి మార్పుకూ దాని వెయిట్‌ను ఘాతంగా పెట్టి గుణించాలి:

```
100 × 0.96^0.50 × 1.06^0.30 × 1.10^0.20 = 101.6
```

డాలర్‌తో పడిపోయిన కరెన్సీ మొత్తం మీద 1.6 శాతం బలపడింది. డాలరే అందరికన్నా ఎక్కువగా పెరిగిందన్నమాట. 2022లో అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లు వేగంగా పెంచినప్పుడు ఇలాంటిదే కనిపించింది. జులైలో యూరో, డాలర్‌తో సమాన స్థాయికి దిగజారింది. కానీ అదే ఏడాది జపాన్ యెన్‌తో, టర్కీ లీరాతో పోలిస్తే యూరో విలువ పెరిగింది. అందుకే డాలర్ రేటు ఒక్కటే చూసినవాళ్లకు యూరో బలహీనత అసలు కంటే ఎక్కువగా కనిపించింది.

లెక్క తారుమారయ్యేది ఎక్కువగా రేటు దిశ దగ్గరే. పై లెక్కలో రేటంటే మన ఒక యూనిట్‌కు ఎన్ని విదేశీ యూనిట్లు వస్తాయనేది. పత్రికల్లో చాలాసార్లు దానికి తలకిందులుగా, ఒక డాలర్‌కు మనవి ఎన్ని అని ఇస్తారు. తిప్పకుండా వేస్తే పడిపోయింది పెరిగినట్టు వస్తుంది. ఒక్క భాగస్వామి వరుసనే విడిగా చూసి, మన కరెన్సీ పడినప్పుడు అంకె 1 కంటే తక్కువ ఉందో లేదో సరిచూసుకోండి.

ఇప్పుడు అసలైన మెలిక. మూడో భాగస్వామి తన కరెన్సీని డాలర్‌కు కట్టేసిందనుకోండి. సౌదీ రియాల్ అలాంటిదే, దశాబ్దాలుగా డాలర్‌కు 3.75. అప్పుడు మనం డాలర్‌తో 4 శాతం పడితే దానితోనూ 4 శాతమే పడతాం. వెయిట్లు కాగితం మీద మారలేదు, కానీ డాలర్ ప్రభావం నిజానికి 70 శాతానికి చేరింది:

```
100 × 0.96^0.70 × 1.06^0.30 = 98.9
```

అదే వాణిజ్యం, డాలర్‌తో అదే పతనం, అయినా ఫలితం తిరగబడింది. కాబట్టి వెయిట్ల పట్టిక చూడగానే వాటిలో డాలర్‌కు కట్టినవి ఎన్నో గుర్తు పెట్టుకోండి.

ఈ సూచీ ధరల పెరుగుదలను పట్టించుకోదు. లీరా లాంటి కరెన్సీ అధిక ద్రవ్యోల్బణంతో పడిపోతే సూచీ పెరుగుతుంది, కానీ మన ఎగుమతిదారుకు పోటీ అంతే మేర పెరిగిందని చెప్పలేం. దాన్ని సరిచేసే వాస్తవ సూచీ వచ్చే భాగంలో.

అభ్యాసం: మొదటి లెక్కలో వెయిట్లను 70, 20, 10గా మార్చి చేయండి. 99.3 రావాలి.