సిటీ బస్సు డ్యూటీ చార్ట్ తయారీ – నాలుగవ పాఠం: స్ప్లిట్ డ్యూటీల మధ్య వారపు సెలవును నిలబెట్టడం

గత పాఠంలో ఒక రూటుకు ఏ రోజు ఎన్ని డ్యూటీలు కావాలో తేల్చుకున్నాము. ఈ పాఠంలో ఆ డ్యూటీలను డ్రైవర్లకు వారాలవారీగా పంచుతాము. పంచడం తేలికగానే కనిపిస్తుంది. ప్రతి గడిలో ఒక డ్యూటీ వేసి, ప్రతి వరుసలో ఒక సెలవు పెడితే చార్ట్ నిండిపోతుంది. అయితే అలా నిండిన చార్ట్‌లో డ్రైవర్‌కు నిజంగా సెలవు దక్కుతున్నదా లేదా అన్నది గడులు చూస్తే తెలియదు, గంటలు లెక్కిస్తేనే తెలుస్తుంది.

ఉదాహరణగా తీసుకున్న రూటుకు సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకు ఆరు డ్యూటీలు కావాలి. వాటిలో రెండు ఉదయం డ్యూటీలు (5:00 నుంచి 13:00), రెండు సాయంత్రం డ్యూటీలు (14:30 నుంచి 23:00), రెండు స్ప్లిట్ డ్యూటీలు. స్ప్లిట్‌లో డ్రైవర్ 6:30కి ఎక్కి 10:00కి దిగుతాడు, మళ్ళీ 16:00కి ఎక్కి 19:30కి దిగుతాడు. బస్సు నడిపేది ఏడు గంటలే అయినా, మొదటి ఎక్కడానికీ చివరి దిగడానికీ మధ్య పదమూడు గంటలు పోతాయి. మధ్యలో వచ్చే ఆరు గంటల విరామాన్ని రోజువారీ విశ్రాంతిగా ఎన్నడూ లెక్కించకూడదు, ఎందుకంటే ఆ సమయంలో డ్రైవర్ ఇంటికి వెళ్ళి నిద్రపోగలడన్న హామీ ఏదీ లేదు. శని, ఆదివారాలలో రద్దీ వేళ బస్సులు ఉండవు కాబట్టి స్ప్లిట్‌లు ఉండవు, రోజుకు నాలుగు డ్యూటీలు చాలు. మొత్తం వారానికి 38 డ్యూటీలు. వీటికి ఏడుగురు డ్రైవర్లు ఉన్నారనుకుందాము.

ఇప్పుడు హామీ. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921 నాటి 14వ ఒడంబడికలో ప్రతి ఏడు రోజుల కాలంలో కనీసం 24 గంటల నిరంతర విశ్రాంతి ఉండాలని చెప్పింది. రోడ్డు రవాణా డ్రైవర్ల కోసం 1979లో చేసిన 153వ ఒడంబడిక, 24 గంటలలో పది గంటల నిరంతర విశ్రాంతిని రోజువారీ ప్రమాణంగా పెట్టింది. మీ సంస్థ ఒప్పందంలో అంకెలు వేరుగా ఉండవచ్చు, అప్పుడు వాటినే వాడండి. మన అభ్యాసానికి రెండు నియమాలు పెట్టుకుందాము. రెండు డ్యూటీల మధ్య పది గంటలకు తగ్గకూడదు. వారపు సెలవు అంటే ఆ పది గంటలకు 24 గంటలు కలిపి కనీసం 34 గంటలు. రెంటినీ కలిపి లెక్కించడం నా దృష్టిలో తప్పనిసరి, లేకపోతే వారపు సెలవు రోజువారీ విశ్రాంతిని మింగేస్తుంది.

మొదట ఒక డ్యూటీ తరువాత ఏ డ్యూటీ రావచ్చో చూడాలి. ఉదయం డ్యూటీ తరువాత మరునాడు ఏదైనా రావచ్చు. స్ప్లిట్ తరువాత స్ప్లిట్ వస్తే 11 గంటలు దొరుకుతాయి కాబట్టి ఇబ్బంది లేదు, సాయంత్రం డ్యూటీకీ ఇబ్బంది లేదు. కాని స్ప్లిట్ తరువాత ఉదయం డ్యూటీ వస్తే 19:30 నుంచి 5:00 వరకు తొమ్మిదిన్నర గంటలే అవుతాయి. సాయంత్రం డ్యూటీ తరువాత సాయంత్రం డ్యూటీ తప్ప మరేదీ కుదరదు. అంటే డ్యూటీలు ఉదయం, స్ప్లిట్, సాయంత్రం అన్న క్రమంలో ముందుకే జరగాలి.

మధ్యలో ఒక సెలవు ఉంటే వెనక్కి రావచ్చు కదా అనిపిస్తుంది. లెక్కించి చూడండి. శనివారం 23:00కి దిగిన డ్రైవర్‌కు ఆదివారం సెలవిచ్చి, సోమవారం 5:00కి రమ్మంటే మధ్య 30 గంటలే. చార్ట్‌లో ఒక పూర్తి రోజు ఖాళీగా కనిపిస్తున్నా నాలుగు గంటల లోటు ఉంది. ఒక్క సెలవుతో స్ప్లిట్ నుంచి ఉదయానికి వస్తే 33న్నర గంటలు; సాయంత్రం నుంచి స్ప్లిట్‌కు వస్తే 31న్నర. మూడూ 34 గంటలను అందుకోవు. అందువల్ల సాయంత్రం నుంచి ఉదయానికి తిరిగి వచ్చే చోట వరుసగా రెండు సెలవులు ఉండి తీరాలి.

రెండవ చిక్కు మరింత లోతైనది. ఏడుగురు డ్రైవర్లు ఏడు వరుసలలో వారానికొక వరుస చొప్పున కిందికి దిగుతూ, ఏడవ వారం తరువాత మొదటి వరుసకు వస్తారు. ఏడు వారాలంటే 49 రోజులు. ఆ 49 రోజులలో ఏడు సెలవులే ఉండి, ఏ రెండు సెలవుల మధ్యనైనా ఆరు పనిదినాలు మించకూడదంటే, ప్రతి సెలవు ముందరి సెలవు తరువాత సరిగ్గా ఏడవ రోజునే రావాలి. అంటే ఏడు వరుసలలోనూ సెలవు ఒకే వారాన పడుతుంది, ఆ రోజు బస్సు నడపడానికి ఎవరూ ఉండరు. సెలవు రోజు అందరికీ తిరగాలంటే ఏడు సెలవులు చాలవు. వారానికొక సెలవు చొప్పున వేసి, దానిని సోమవారం నుంచి మంగళవారానికి, అక్కడి నుంచి బుధవారానికి జరుపుతూ పోయే చార్ట్‌లలో ప్రతిసారీ ఏడు పనిదినాలు వరుసగా పడుతున్నాయి. ప్రతి వరుసలో ఒక సెలవు కనిపిస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు.

మన దగ్గర 49 గడులు ఉన్నాయి, డ్యూటీలు 38. మిగిలిన 11 గడులే ఈ రెండు చిక్కులకూ మందు. వాటిలో పదింటిని సెలవులుగా, ఒకదానిని రిజర్వ్‌గా పెట్టి చేసిన చార్ట్ ఇది. ఉ – ఉదయం, స్ప్లి – స్ప్లిట్, సా – సాయంత్రం, సె – సెలవు, రి – రిజర్వ్.

```
వరుస  సోమ   మంగళ  బుధ   గురు   శుక్ర  శని  ఆది
1    ఉ     సె    ఉ     ఉ     ఉ     ఉ    ఉ
2    సె    ఉ     ఉ     ఉ     ఉ     ఉ    సె
3    ఉ     ఉ     స్ప్లి  స్ప్లి  స్ప్లి  సె   ఉ
4    స్ప్లి  స్ప్లి  స్ప్లి  స్ప్లి  స్ప్లి  సె   రి
5    స్ప్లి  స్ప్లి  సా    సా    సె    సా   సా
6    సా    సా    సా    సె    సా    సా   సా
7    సా    సా    సె    సా    సా    సె   సె
```

ముందు నిలువుగా సరిచూడండి: సోమవారం నుంచి శుక్రవారం వరకు ప్రతి నిలువు వరుసలో రెండు ఉ, రెండు స్ప్లి, రెండు సా, ఒక సె ఉండాలి. తరువాత అడ్డంగా, ఒక వరుస చివర నుంచి తరువాతి వరుస మొదటికి వేలు ఎత్తకుండా చదవండి. సెలవుల మధ్య పనిదినాలు ఎక్కడా ఆరు మించలేదు. ఆరు వచ్చేది ఒక్క చోట: మూడవ వరుస ఆదివారం నుంచి నాలుగవ వరుస శుక్రవారం వరకు. ఏడవ వరుస చివర శని, ఆదివారాలు రెండూ సెలవులే కాబట్టి, శుక్రవారం 23:00కి దిగిన డ్రైవర్ సోమవారం 5:00కి రావడానికి 54 గంటలు దొరుకుతాయి.

ఒక చోట మాత్రం లోపం ఉంది, అభ్యాసం కోసం వెంటనే చెప్పలేదు. మూడవ వరుసలో శుక్రవారం స్ప్లిట్ 19:30కి ముగుస్తుంది, శనివారం సెలవు, ఆదివారం ఉదయం డ్యూటీ. ఇది ఇందాక చూసిన 33న్నర గంటల సందర్భమే. గడులు మార్చి దీనిని సరిచేయబోతే మరో చోట లోటు పడుతుంది. ఆదివారం ఉదయం రద్దీ తక్కువ కాబట్టి, ఆ రోజు డ్యూటీ మొదలు 5:00కి బదులు 5:30 చేయమని టైంటేబుల్ విభాగాన్ని అడగడం సులువైన మార్గం. అప్పుడు సరిగ్గా 34 గంటలు అవుతాయి. చార్ట్ తయారీదారు టైంటేబుల్‌ను మార్చలేనిదిగా భావించి డ్రైవర్ విశ్రాంతిని కోయడం కంటే, అర గంట కోసం ఒక మాట అడగడం ఎంతో మేలు.

నాలుగవ వరుస ఈ చార్ట్‌లో అన్నిటికంటే బరువైనది. ఐదు రోజులు వరుసగా పదమూడేసి గంటలు డ్యూటీకి కట్టుబడి ఉన్న డ్రైవర్‌కు ఆ ఆదివారం రిజర్వ్ వేయవలసి వస్తే, మొదటి వేళ రిజర్వ్ వేయకండి. సోమవారం మళ్ళీ స్ప్లిట్ ఉంది కాబట్టి సాయంత్రం వేళదీ వేయకండి. మధ్యాహ్నం ముగిసే రిజర్వ్ అయితే రెండు వైపులా గంటలు సరిపోతాయి. ఇంకొక డ్రైవర్ దొరికితే ముందుగా సెలవుగా మార్చవలసిన గడి ఇదే.

ఇప్పుడు రూటు మార్పు. ఈ రూటును ఒక కొత్త కాలనీ వరకు పొడిగించారనుకుందాము. డ్యూటీల సంఖ్య మారలేదు, కాని స్ప్లిట్‌లు 20:00కి, సాయంత్రం డ్యూటీలు 23:40కి ముగుస్తాయి. గడులు అలాగే ఉంచి గంటలు మళ్ళీ లెక్కిస్తే, స్ప్లిట్ నుంచి స్ప్లిట్‌కు పదిన్నర గంటలు, ఏడవ వరుస చివర 53 గంటల 20 నిమిషాలు వస్తాయి, కాబట్టి అవి నిలుస్తాయి. చెడిపోయేది మళ్ళీ మూడవ వరుసే: 20:00 నుంచి ఆదివారం 5:30కి 33న్నర గంటలు. ఈసారి మరో ఉపాయం వాడవచ్చు. రోజుకు రెండు స్ప్లిట్‌లు ఉన్నాయి కదా, వాటిలో ఒకటి ఒక ట్రిప్పు తగ్గించుకొని 19:30కే ముగిసేలా చేయించి, శుక్రవారం మూడవ వరుస వారికి ఎప్పుడూ అదే కేటాయిస్తే, ఆదివారం మొదటి బస్సును కదిలించనక్కరలేదు.

చార్ట్ సరిగా ఉన్నా, మార్పు మొదలయ్యే సోమవారం నాడు డ్రైవర్లకు వరుసలు కొత్తగా కేటాయిస్తే విశ్రాంతి పోతుంది. పాత చార్ట్‌లో ఆరవ వరుస ముగించిన డ్రైవర్‌ను తీసుకోండి. అతను ఆదివారం రాత్రి 23:00కి దిగాడు, చివరి సెలవు గురువారం. అతనిని కొత్త చార్ట్‌లో మూడవ వరుసలో పెడితే, ఆరు గంటల విశ్రాంతితో సోమవారం ఉదయం డ్యూటీకి రావాలి. పైగా గురువారం సెలవు తరువాత మళ్ళీ సెలవు వచ్చేసరికి ఎనిమిది రోజులు వరుసగా పనిచేస్తాడు. సోమవారమే సెలవున్న రెండవ వరుసలో పెడితే బాగుంటుందనిపిస్తుంది, కాని అక్కడ మంగళవారం 5:00కి ఎక్కాలి, అంటే 30 గంటలే. నాలుగు, ఐదు వరుసలలో సోమవారం స్ప్లిట్ ఉంది, ఏడున్నర గంటలకే రావాలి. ఆరవ వరుసలోనే మళ్ళీ పెడితే పదిహేనున్నర గంటలు దొరుకుతాయి కాని, గురువారం వరకు ఆరు రోజులు వరుసగా పనిచేసి, ఒకే వారపు సాయంత్రాలను రెండుసార్లు మోయాలి. అతనికి న్యాయంగా సరిపోయేది ఏడవ వరుస ఒక్కటే, అంటే పాత క్రమంలో అతని తరువాతి వరుసే.

డ్యూటీల సంఖ్య మారి వరుసలు ఏడు నుంచి ఎనిమిది అయినప్పుడు అందరికీ ఇలా తరువాతి వరుస దొరకదు. అప్పుడు మార్పు వారాన్ని చార్ట్ వరుసలతో కాక పేర్లతో రాయాలి. ప్రతి పేరు పక్కన పాత చార్ట్‌లోని చివరి ఆరు రోజులు, చివరిసారి దిగిన సమయం, చివరి సెలవు తేదీ ఎడమవైపు రాసి, కుడివైపు కొత్త వారాన్ని నింపాలి. రిజర్వ్ గడులను ఆ వారం ఎవరికీ ముందుగా కేటాయించకుండా, గంటలు కుదరని వారి కోసమే ఉంచాలి. ఆ కాగితంపై ఎడమ సగం ఖాళీగా ఉన్న పేరు ఒక్కటి ఉన్నా చార్ట్‌ను డిపో బోర్డుపై పెట్టకండి.