ట్యూషన్ టీచర్‌కి చీటీ - 4వ పాఠం: ప్రతి లెక్కకీ పూర్తి వివరణ అడగడం

పోయిన పాఠంలో, పిల్లలకి ఏది అర్థం కావట్లేదో టీచర్‌కి ఒక్క పేరాలో ఎలా చెప్పాలో నేర్చుకున్నాం. ఈసారి చీటీ కాస్త కష్టమైంది. ఇంటికొచ్చి పాఠం చెప్పే టీచర్‌ని, వర్క్‌షీట్‌లో తప్పొచ్చిన లెక్కలకే కాకుండా ప్రతి లెక్కకీ పూర్తి వివరణ రాసిమ్మని అడగాలి. ఇది పెద్ద పనే. అందుకని ఎందుకు అడుగుతున్నామో, ఏం అడుగుతున్నామో ముందు మనకి తెలిసుండాలి.

మొదట వచ్చే సందేహం: రైట్ పడ్డ లెక్కలకి కూడా వివరణ ఎందుకు? భిన్నాల వర్క్‌షీట్‌నే తీసుకుందాం. 5/6, 3/4 లలో ఏది పెద్దది అని ప్రశ్న. అమ్మాయి 5/6 అని రాసింది. జవాబు కరెక్టే, రైట్ కూడా పడింది. ఎలా చెప్పావమ్మా అని అడిగితే, "5 కంటే 3 చిన్నది, 6 కంటే 4 చిన్నది, అందుకే 5/6 పెద్దది" అంటుంది. ఇప్పుడు అదే పద్ధతితో 3/5, 4/9 చూడమనండి. 4/9 పెద్దదంటుంది. నిజానికి 3/5 సగం కంటే ఎక్కువ. 9లో సగం నాలుగున్నర కాబట్టి 4/9 సగం కంటే తక్కువ. మొదటి లెక్కలో ఆమె ఆలోచన తప్పు, జవాబు మాత్రం అనుకోకుండా కుదిరింది. తప్పులకే వివరణ అడిగితే ఇలాంటివి ఎప్పటికీ బయటపడవు. ప్రతి లెక్కకీ అడగడానికి అసలు కారణం ఇదే. చీటీలో ఈ కారణాన్ని ఒక్క వాక్యంలోనైనా చెప్పి తీరాలి. లేకపోతే, తన బోధన మీద నమ్మకం లేక అడుగుతున్నారని టీచర్ అనుకునే ప్రమాదం ఉంది.

ఇక "పూర్తి వివరణ" అంటే ఏమిటి? చాలా చీటీలు దెబ్బతినేది ఇక్కడే. "అన్నిటికీ డీటెయిల్డ్‌గా రాసివ్వండి" అని అడుగుతాం. టీచర్ శ్రద్ధగా రాసిస్తారు, పిల్లకి మాత్రం అర్థం కాదు. తప్పు ఇద్దరిదీ కాదు. డీటెయిల్డ్ అంటే టీచర్ మనసులో ఉన్నది స్టెప్పులు, మన మనసులో ఉన్నది కారణాలు.

ఒక లెక్క చూద్దాం.

ఒక డబ్బాలో 3/4 వంతు నీళ్ళున్నాయి. ఆ నీళ్ళలో 2/5 వంతు వాడేశారు. ఇప్పుడు డబ్బాలో ఎంత వంతు నీళ్ళు మిగిలాయి?

స్టెప్పులు మాత్రమే రాస్తే ఇలా ఉంటుంది: 3/4 × 3/5 = 9/20. లెక్క తెలిసినవాళ్ళకి ఇందులో లోటేమీ లేదు. పిల్లకి మాత్రం మొదటి అంగలోనే అడ్డం పడుతుంది. ప్రశ్నలో 2/5 ఉంటే ఇక్కడ 3/5 ఎక్కడిది? "వాడేశారు" అంటే తీసివేత కదా, గుణకారం ఎందుకొచ్చింది? ఆమె తనంతట తాను చేస్తే 3/4 లోంచి 2/5 తీసేసి 7/20 రాస్తుంది. చూడ్డానికి జవాబు నమ్మేలాగే ఉంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు.

అదే లెక్కకి పూర్తి వివరణ ఇలా ఉంటుంది. ముందుగా ప్రశ్న అడిగేదేమిటో మామూలు మాటల్లో: చివర్లో డబ్బా మొత్తంలో ఎంత భాగం నీళ్ళున్నాయి? తర్వాత మెలిక ఎక్కడుందో: 3/4 అనేది డబ్బాలో వంతు, 2/5 అనేది నీళ్ళలో వంతు. రెండూ ఒకే మొత్తానికి చెందిన వంతులు కావు కాబట్టి నేరుగా తీసివేయకూడదు. నీళ్ళని ఐదు సమాన భాగాలు చేస్తే రెండు వాడారు, మూడు మిగిలాయి. అంటే ఉన్న నీళ్ళలో 3/5 వంతు మిగిలింది. ఆ నీళ్ళేమో డబ్బాలో 3/4 వంతు. 3/4 లో 3/5 వంతు కావాలి కాబట్టి గుణిస్తాం. లవాలు గుణిస్తే 9, హారాలు గుణిస్తే 20. జవాబు 9/20.

చివరగా సరిచూసుకోవడం, ఇంకో దారిలో. వాడిన నీళ్ళు 3/4 × 2/5 = 6/20. మొదట ఉన్నవి 3/4, అంటే 15/20. అందులోంచి 6/20 పోతే 9/20. రెండు దార్లూ ఒకే చోటికొచ్చాయి. చాలామంది 7/20 ఎందుకు రాస్తారో కూడా ఒక లైన్ ఉంటే ఇంకా మంచిది.

ఈ వివరణలో ఉన్నవేమిటో గమనించండి: ప్రశ్న సొంత మాటల్లో, ఈ పద్ధతే ఎందుకు, దాటేయకుండా స్టెప్పులు, సరిచూసుకోవడం. నా దృష్టిలో రెండోది అన్నిటికంటే విలువైంది, మామూలుగా దొరకనిదీ అదే. చీటీలో ఈ నాలుగూ విడివిడిగా అడగండి. "పూర్తి" అన్న మాట ఒక్కటే సరిపోదు. టీచర్ ఇదివరకు నోట్‌బుక్‌లో బాగా రాసిచ్చిన వివరణ ఏదైనా ఉంటే "దానిలాగే" అని చూపించడం మరీ సులువు. ఆయనకి తన సొంత నమూనానే కళ్ళముందు ఉంటుంది.

తర్వాత టైం సంగతి. వివరణలు పిల్లల చేతికి ఎప్పుడు రావాలి? లెక్క చేయకముందే వస్తే కాపీ కొట్టడం తప్ప ఏమీ జరగదు. అలాగని పూర్తిగా కొత్త పాఠంలో ముందు చూపించకుండా పన్నెండు లెక్కలు చేయమనడమూ సరికాదు. 1985లో స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు బీజగణితం మీద చేసిన ప్రయోగాల్లో, చేసి ఉన్న లెక్కని చదివి వెంటనే అలాంటిదే ఇంకోటి చేసినవాళ్ళు, అన్నీ సొంతంగా చేసినవాళ్ళ కంటే ఆ తరహా లెక్కల్ని తొందరగా, తక్కువ తప్పులతో చేశారు. తరహా మారిన లెక్కల్లో మాత్రం ఆ లాభం కనిపించలేదు. అందుకే కొత్త పాఠమైతే ఒకటి రెండు లెక్కలు ముందే చేసి చూపించమనండి. మిగతావాటికి, పిల్ల ప్రయత్నించాక వివరణ ఇవ్వమనండి.

ఇప్పుడు టీచర్ శ్రమ గురించి. ఒక్కో లెక్కకి ఇలా రాయడానికి పది నిమిషాలనుకున్నా, పన్నెండు లెక్కలకి రెండు గంటలు. అది ట్యూషన్ టైంకి బయట పడే పని. ఆ సంగతి మనకి తెలుసని చీటీలో కనబడాలి. రెండు దార్లున్నాయి. అదనపు పనికి అదనపు ఫీజు ఇస్తామని నేరుగా చెప్పడం ఒకటి. టీచర్ నోటితో చెబుతుంటే పిల్ల తన మాటల్లో రాసుకోవడం, టీచర్ ఒకసారి చూసి దిద్దడం రెండోది. నేను రెండోదానికే ఓటేస్తాను. కారణాన్ని తన మాటల్లో రాయాల్సి వచ్చినప్పుడు పిల్లకి ఎక్కడ అర్థం కాలేదో అక్కడే కలం ఆగిపోతుంది. టీచర్‌కి అది వెంటనే కనిపిస్తుంది.

వీటన్నిటినీ కలిపి రాస్తే చీటీ ఇలా ఉంటుంది:

"మాస్టారికి నమస్కారం. మా అమ్మాయి భిన్నాల వర్క్‌షీట్ గురించి మీతో ఒక మాట. జవాబు కరెక్ట్‌గా వచ్చిన లెక్కల్లో కూడా కొన్నిచోట్ల ఆలోచన తప్పుగా ఉంటోంది. ఉదాహరణకి 5/6, 3/4 లెక్క ఎలా చేసిందో ఒకసారి అడిగి చూడండి. అందుకని ఈ వర్క్‌షీట్‌లో పన్నెండు లెక్కలకీ వివరణ ఉంటే బాగుంటుందని మా కోరిక. ప్రతిదానికీ ప్రశ్న ఏం అడుగుతోంది, ఈ పద్ధతి ఎందుకు వాడాం, అన్ని స్టెప్పులు, జవాబు ఎలా సరిచూసుకోవాలి, ఈ నాలుగూ ఉంటే చాలు. ఒకే రకం లెక్కలు వరసగా వస్తే, రెండోదాని నుంచి కారణం ఒక్క వాక్యంలో ఉన్నా సరిపోతుంది. ముందు తను సొంతంగా చేస్తుంది, ఆ తర్వాతే వివరణ చూడనివ్వండి. ఇదంతా మీరే రాయాలంటే టైం చాలా పడుతుందని తెలుసు. మీరు చెబుతుంటే తను రాసుకుని, మీరు ఒకసారి దిద్దినా మాకు సమ్మతమే. రోజుకి నాలుగు లెక్కలైనా పర్వాలేదు. ఈ పాఠం వరకే ఇలా అడుగుతున్నాం. మీకు ఇంకో పద్ధతి మేలనిపిస్తే తప్పకుండా చెప్పండి."

"ఈ పాఠం వరకే" అన్న మాటని మర్యాద కోసం పెట్టలేదు. పద్ధతి పట్టుబడ్డ పిల్లకి ప్రతి లెక్కకీ పొడవాటి వివరణ చదివిస్తే విసుగొస్తుంది, వేగమూ తగ్గుతుంది. వచ్చేసిందని తేలాక ఆపేయడమే మంచిది.

వచ్చిందో లేదో ఎలా తేలుతుంది? మర్నాడు వివరణ మూసిపెట్టి, అదే లెక్కని అంకెలు మార్చి ఇవ్వండి: డబ్బాలో 5/6 వంతు నీళ్ళు, ఆ నీళ్ళలో 3/10 వంతు వాడారు, ఎంత మిగిలింది? 5/6 × 7/10 చేసి 7/12 రాస్తే బాగుంది. 8/15 వస్తే, 5/6 లోంచి 3/10 తీసేసిందన్నమాట, వివరణలో రెండో భాగం ఎక్కలేదు. ఇక మూడో రకం లెక్క కూడా ఇచ్చి చూడాలి: "డబ్బాలో 5/6 వంతు నీళ్ళున్నాయి, నిండు డబ్బాలో 3/10 వంతు అయ్యేన్ని నీళ్ళు వాడారు." ఇక్కడ 8/15 కరెక్ట్, 7/12 తప్పు. రెండు వంతులూ డబ్బాకి చెందినవే కాబట్టి ఈసారి తీసివేతే చేయాలి. ఇందులోనూ గుణించేస్తే, కారణం తెలియకుండా గుణకారాన్ని బట్టీపట్టిందని అర్థం. అప్పుడు టీచర్‌కి కొత్త చీటీ అక్కర్లేదు. "ఏ మొత్తంలో వంతు అన్నది ఇంకా తేలలేదండీ" అని ఒక్క మాట చెబితే, ఏం చేయాలో ఆయనకి తెలుస్తుంది.

అభ్యాసం. కింది చీటీ చదవండి:

"మాస్టారూ, మా వాడికి లెక్కలు ఏమీ అర్థం కావట్లేదు. రేపటికల్లా వర్క్‌షీట్‌లో అన్నీ వివరంగా చేసి ఇవ్వగలరు."

ఇందులో ఏ లెక్కలో ఏం గమనించారో లేదు, "వివరంగా" అంటే ఏమిటో లేదు. "చేసి ఇవ్వగలరు" అంటే పిల్లవాడి ప్రయత్నానికి చోటు లేదు, గడువేమో రేపే. మీ పిల్లల వర్క్‌షీట్ ఒకటి ముందు పెట్టుకుని, రైట్ పడ్డ లెక్కల్లో మూడింటిని ఎలా చేశారో అడగండి. వాళ్ళు చెప్పినదాంట్లోంచి ఒక ఉదాహరణ తీసుకుని ఈ చీటీని పది వాక్యాల్లో తిరగరాయండి.

5వ పాఠంలో: టీచర్ చెప్పిన పద్ధతీ బడిలో చెప్పిన పద్ధతీ వేరైనప్పుడు రాయాల్సిన చీటీ.